సాల్వ్డ్ అసైన్‌మెంట్ చేతికొచ్చాక: ఎలా వాడితే చదువు, ఎక్కడ దాటితే కాపీ

అసైన్‌మెంట్ల గడువు దగ్గర పడితే విశాఖలో డిగ్రీ, పీజీ చదివేవాళ్ల ఫోన్లలోకి సాల్వ్డ్ పీడీఎఫ్‌లు వచ్చి పడతాయి. సీనియర్ నోట్‌బుక్ ఫొటోలు, గైడ్ పేజీలు, జిరాక్స్ షాపులో దొరికే కట్టలు, క్లాస్ గ్రూపులో ఎవరో పెట్టిన ఫైలు. చేతిలోకి వచ్చాక చాలామందిని పట్టుకునే ప్రశ్న ఒకటే: దీన్ని చూడొచ్చా? చూస్తే ఎంతవరకు? కొందరు భయపడి అసలు తెరవరు. కొందరు తెరిచి అలాగే దింపేస్తారు. ఈ రెండింటి మధ్యలో మంచి దారులున్నాయి. మీకు ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి ఈ పోలిక.

ఉదాహరణకు బీకాం మొదటి ఏడాదిలో వచ్చే ఒక మామూలు లెక్క తీసుకుంటున్నాను. ఎమ్మే చరిత్ర అయినా ఎంబీయే అయినా పద్ధతి మారదు. లెక్క అయితే తేడా కళ్లకు కనిపిస్తుంది, అంతే.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది, ఆ జవాబు ఎవరు, ఎందుకు ఇచ్చారు అన్నది. గడువు అయిపోయాక లెక్చరర్ ఇచ్చిన మోడల్ ఆన్సర్, పాఠ్యపుస్తకంలోని సాధించిన లెక్క నేర్చుకోవడానికి ఇచ్చినవే. పాత సంవత్సరం ప్రశ్నకు సీనియర్ రాసుకున్న జవాబు చదవడంలో సాధారణంగా తప్పు లేదు. అయితే మీ కోర్సు సూచనల్లో ‘ఇతరుల సాయం లేకుండా చేయాలి’ అని ఉంటే, ఈ ఏడాది ప్రశ్నకే ఎవరో రాసిన జవాబును గడువుకు ముందు తెరవడమే ఆ షరతును మీరడం అవుతుంది. అందుకే ప్రశ్నపత్రం బుక్‌లెట్‌లో మొదటి రెండు పేజీల సూచనలు చదవడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని. నేను చూసినంతలో చాలామంది నేరుగా ప్రశ్నల దగ్గరికే వెళ్లిపోతారు.

రెండోది, ఆ పాఠం మీకు ఇప్పటికే ఎంత వచ్చు అన్నది. ఇది తేల్చుకోకుండా ఏ పద్ధతి మంచిదో చెప్పలేం. కారణం కింద చెబుతాను.

మూడోదాన్ని నేను అన్నిటికంటే ముఖ్యంగా చూస్తాను. మీరు పెన్ను పట్టి రాస్తున్నప్పుడు ఆ మోడల్ ఆన్సర్ ఎక్కడుంది? మూసి పక్కన పెట్టారా, కళ్ల ముందు తెరిచే ఉందా? ఏమి చూశారన్న దానికంటే, రాసేటప్పుడు నిర్ణయాలు ఎవరివన్నదే చదువుకూ కాపీకీ మధ్య గీతను తేలుస్తుంది. ఏ అంశం ముందు చెప్పాలి, ఏ ఉదాహరణ తీసుకోవాలి, ఎక్కడ ఆపాలి అన్నవి మీరు తేల్చుకుంటే జవాబు మీదే.

## మన లెక్క

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు యజమాని ఏప్రిల్ 1న 1,00,000 రూపాయలకు ఇంజన్ కొన్నాడు. దాని జీవితకాలం 5 ఏళ్లు. చివర్లో తుక్కు విలువ 10,000. లెక్కలు ఏటా మార్చి 31న ముగిస్తాడు. ఏటా ఒకే మొత్తం తగ్గించే స్థిర వాయిదా పద్ధతిలోనూ, ఏటా మిగిలిన విలువలో 20 శాతం తీసేసే తగ్గుతున్న నిల్వల పద్ధతిలోనూ మొదటి మూడేళ్ల తరుగుదల, అంటే వాడకంతో ఇంజన్ విలువ తగ్గే మొత్తం, లెక్కకట్టి, రెండింటి తేడా రాయమన్నారు.

మోడల్ ఆన్సర్ ఇలా ఉంటుంది. స్థిర వాయిదా పద్ధతిలో లక్షలోంచి తుక్కు విలువ పదివేలు తీసేసి, మిగిలిన 90,000ను ఐదుతో భాగిస్తే ఏటా 18,000. ఇంజన్ విలువ వరసగా 82,000, 64,000, 46,000కు దిగుతుంది. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో తరుగుదల వరసగా 20,000, 16,000, 12,800. మిగిలే విలువ 80,000, 64,000, 51,200.

ఈ నాలుగు వాక్యాల్లో నేర్చుకోవలసినవి రెండు దాగి ఉన్నాయి. రెండో పద్ధతిలో తుక్కు విలువను ఎందుకు తీసేయలేదు? రెండో ఏడాది చివర రెండు పద్ధతుల్లోనూ 64,000 రావడం ఎలా జరిగింది? మోడల్ ఆన్సర్ ఈ ప్రశ్నలు అడగదు. మీరు అడగాలి. మోడల్ ఆన్సర్‌ను ఎలా వాడితే ఈ ప్రశ్నలు మీ నోట వస్తాయో దాన్నిబట్టే కింది నాలుగు దారులను పోల్చుతున్నాను.

## ఒక్క చూపులో

| ఎలా వాడతారు | నేర్చుకునేది | పట్టే సమయం | నిబంధన ప్రకారం |
|---|---|---|---|
| ముందు చదివి, మూసేసి, తర్వాత సొంతంగా రాయడం | కొత్త పాఠమైతే చాలా | మధ్యస్థం | సరే, మూసి రాస్తేనే |
| ముందు సొంతంగా రాసి, తర్వాత పోల్చుకోవడం | కొంత వచ్చినవాళ్లకు చాలా | ఎక్కువ | సరే, దిద్దుకోవడం మీదైతే |
| తెరిచి పెట్టి వాక్యాలు మార్చి రాయడం | దాదాపు లేదు | అనుకున్నదానికంటే ఎక్కువ | దాటినట్టే |
| ఉన్నది ఉన్నట్టు ఇవ్వడం | లేదు | తక్కువ | దాటినట్టే |

## ముందు చదివి, మూసి రాయడం

పాఠం మీకు పూర్తిగా కొత్తదైతే దీంతోనే మొదలుపెట్టండి. దీన్ని బద్ధకం అనుకోనక్కర్లేదు. జాన్ స్వెల్లర్, గ్రహమ్ కూపర్ 1985లో ఆల్జీబ్రా నేర్చుకునే విద్యార్థులపై చేసిన పరిశోధనలో, సాధించి చూపిన లెక్కలను చదివినవాళ్లు, మొదటినుంచీ లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లకంటే తక్కువ సమయంలో నేర్చుకుని, అలాంటి లెక్కలను బాగా చేయగలిగారు. ఏమీ తెలియనివాడు గుడ్డిగా వెతుక్కుంటున్నప్పుడు బుర్రంతా వెతకడానికే సరిపోతుంది, నేర్చుకోవడానికి చోటు మిగలదు.

కానీ చదవడంలోనూ తేడా ఉంది. మిషెలిన్ చీ బృందం 1989లో ఫిజిక్స్ ఉదాహరణలు చదివేవాళ్లను గమనిస్తే, బాగా నేర్చుకున్నవాళ్లు ప్రతి మెట్టు దగ్గరా ఆగి ‘ఇది ఎందుకు?’ అని తమకు తాము వివరించుకున్నారు. మిగతావాళ్లు అర్థమైపోయిందనుకుని ముందుకు సాగిపోయారు.

మన లెక్కలో ఆగవలసిన చోటు తుక్కు విలువే. రెండో పద్ధతిలో దాన్ని తీసేయకపోవడానికి కారణం, అక్కడ ఆ పని రేటు చేస్తుంది. ప్రతి ఏడూ మిగిలినదానిలో ఇంత శాతం అని తగ్గించుకుంటూ పోతే విలువ ఎప్పటికీ సున్నా కాదు. ఏదో ఒకటి మిగులుతుంది. ఐదేళ్ల చివర పదివేలు మిగలాలంటే రేటు దాదాపు 37 శాతం ఉండాలి. ప్రశ్నలో ఇచ్చిన 20 శాతంతో వెళితే ఐదేళ్ల తర్వాత 32,768 మిగిలిపోతుంది. ఈ సంగతి కాలిక్యులేటర్‌లో కట్టి చూసుకున్నవాళ్లు ఇక ఆ పద్ధతిని మరచిపోరు.

చదివాక మూసేయండి. వెంటనే రాయకండి. కాసేపు వేరే పని చేసుకుని, అప్పుడు తెల్లకాగితం మీద మొదలుపెట్టండి. వెంటనే రాస్తే కంటి ముందు నిలిచిన వాక్యాలే మళ్లీ దిగుతాయి. మూసి రాసినా, కంఠస్థం చేసి అక్షరం పొల్లుపోకుండా దింపితే అది కూడా కాపీయే. పరీక్ష హాల్లో బట్టీ పట్టి రాయడాన్ని మాల్‌ప్రాక్టీస్ అనరు కాబట్టి అసైన్‌మెంట్లోనూ అదే వర్తిస్తుందని కొందరు అనుకుంటారు. అసైన్‌మెంట్ ఇంట్లో రాసే పని. అక్కడ మీ మాటల్లో రాయమని అడిగాక, వేరొకరి వాక్యాలు జ్ఞాపకంలోంచి వచ్చాయా, కాగితం మీంచి వచ్చాయా అన్నది లెక్కలోకి రాదు.

ఎక్కడైనా ఆగిపోతే మళ్లీ తెరవొచ్చు. ఆగిన మెట్టు ఒక్కటే చూసుకుని మళ్లీ మూసేయండి.

## ముందు రాసి, తర్వాత పోల్చుకోవడం

పాఠం కొంత వచ్చినవాళ్లకు నా సలహా ఇది. తెలిసినవాళ్లకు సాధించిన లెక్కలు ఇంకా చదివించడం వల్ల లాభం తగ్గిపోతుందనీ, ఒక్కోసారి అడ్డమవుతుందనీ స్వెల్లర్‌తో కలిసి పనిచేసిన కల్యుగా తదితరులు 2003లో వివరించారు. వచ్చినదాన్నే మళ్లీ చదివితే ‘నాకొచ్చు’ అనిపిస్తుంది. రాని చోటు బయటపడదు.

కాబట్టి ముందు మీరే మొత్తం రాయండి, తప్పో ఒప్పో. తర్వాత మోడల్ ఆన్సర్ తెరిచి వేరే రంగు పెన్నుతో తేడాలు గుర్తుపెట్టుకోండి. రెండో పద్ధతిలో కూడా తుక్కు విలువ తీసేసి 90,000 మీద 20 శాతం కట్టారనుకుందాం. మొదటి ఏడాది తరుగుదల 18,000 అని వస్తుంది. ఇది స్థిర వాయిదా అంకెతో కలిసిపోతుంది కాబట్టి తప్పు చేశానన్న అనుమానం కూడా రాదు. పోల్చుకున్నప్పుడే దొరుకుతుంది. దొరికాక 18,000 కొట్టేసి 20,000 అని వేసుకోవడంతో పని కాలేదు. మోడల్ ఆన్సర్ మూసి, కారణం ఒక వాక్యంలో రాసుకుని, లెక్క మళ్లీ మొదటినుంచి కట్టాలి.

నిజంగా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి ప్రశ్నలో ఒక్క సంగతి మార్చండి. ఇంజన్ ఏప్రిల్ 1 బదులు అక్టోబర్ 1న కొన్నాడనుకోండి. మొదటి ఏడాది ఆరు నెలలే. స్థిర వాయిదాలో 9,000, రెండో పద్ధతిలో 10,000. రెండో ఏడాదికి వస్తే రెండింట్లోనూ 18,000 పడుతుంది, ఎందుకంటే రెండో పద్ధతిలో మిగిలిన 90,000 మీద 20 శాతం అంతే. విలువలు 73,000, 72,000 దగ్గర ఆగుతాయి. ఈ మార్పుతో మోడల్ ఆన్సర్ చూడకుండా ఇక్కడిదాకా రాగలిగితే పాఠం మీ చేతిలో ఉన్నట్టే. రాలేకపోతే, అసైన్‌మెంట్ ఎంత అందంగా ఉన్నా, పరీక్షలో తేదీ మార్చి అడిగినప్పుడు ఆగిపోతారు.

దీనికి పట్టే సమయమే ఇబ్బంది. అన్ని ప్రశ్నలకూ ఇలా చేయలేరు. పరీక్షలో తప్పక వచ్చే పాఠాలకు మాత్రం చేయండి.

## తెరిచి పెట్టి వాక్యాలు మార్చడం

చాలామంది నిజాయితీగానే ఇది తప్పు కాదనుకుంటారు. ‘నేను కాపీ కొట్టలేదు, నా మాటల్లోకి మార్చాను’ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కాబట్టే ఈ భాగాన్ని కాస్త నిదానంగా చూడాలి.

మోడల్ ఆన్సర్లో ఇలా ఉందనుకుందాం: ‘స్థిర వాయిదా పద్ధతిలో ప్రతి సంవత్సరం తరుగుదల మొత్తం సమానంగా ఉంటుంది, తగ్గుతున్న నిల్వల పద్ధతిలో అది ఏటా తగ్గుతూ వస్తుంది.’

మార్చి రాసినది: ‘స్థిర వాయిదా విధానంలో ఏటా తరుగుదల ఒకే మొత్తంగా ఉంటుంది, తగ్గుతున్న నిల్వల విధానంలో అది ప్రతి ఏడాదీ తగ్గిపోతుంది.’

పదాలు మారాయి. వాక్యం ఎముకలు అవే. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయాలన్నీ మొదటివాళ్లవే. ఇలా ఒక పేజీ అంతా సాగితే మూల్యాంకనం చేసేవాళ్లు దాన్ని కాపీ కిందే చూస్తారు. ఒక్క వాక్యమైతే ఎవరూ పట్టించుకోరు, ఆ మాట ఏ పుస్తకంలోనైనా ఉండేదే.

మూసి రాసిన విద్యార్థి వాక్యాలు ఇంచుమించు ఇలా వస్తాయి: ‘ఈ ఇంజన్‌కు మొదటి ఏడాది రెండో పద్ధతిలో 2,000 ఎక్కువ తరుగుదల పడింది, రెండో ఏడాది 2,000 తక్కువ పడింది. అందుకే రెండేళ్ల చివర రెండు పద్ధతుల్లోనూ విలువ 64,000. మూడో ఏడాది నుంచి రెండో పద్ధతిలో విలువ ఎక్కువ మిగులుతుంది.’ భాష కాస్త మోటుగా ఉండొచ్చు. కానీ ఇది మోడల్ ఆన్సర్లో లేని విషయం. అంకెల్ని చూసి ఆలోచించినవాళ్లకే దొరుకుతుంది.

ఇంకో సంగతి. వాక్యాలు మార్చడానికి పట్టే సమయం తక్కువేమీ కాదు. ఒక్కో మాటకు ఇంకో మాట వెతుక్కుంటూ రెండు గంటలు కూర్చున్నవాళ్లకు లెక్క గురించి ఒక్క ప్రశ్న కూడా తట్టదు. అదే రెండు గంటల్లో చదివి, మూసి, రాయడం అయిపోతుంది.

మరి మోడల్ ఆన్సర్ ఎక్కడిదో కింద రాస్తే సరిపోతుందా? ఒక నిర్వచనమో, ఒక ఆలోచనో తీసుకుని మూలం చెబితే సరిపోతుంది, అది మంచి అలవాటు కూడా. కానీ జవాబు మొత్తం అక్కడినుంచే తెచ్చి మూలం చెబితే దొంగతనం అన్న మాట పోతుందే తప్ప, మార్కులు వేయడానికి మీ పని అంటూ ఏమీ మిగలదు.

## ఉన్నది ఉన్నట్టు ఇవ్వడం

ఇది గీతకు అవతలే. కొనుక్కున్నా, స్నేహితుడు ఇచ్చినా, డబ్బిచ్చి చేతిరాతతో రాయించుకున్నా అంతే. ఇగ్నోలో చాలా కోర్సులకు అసైన్‌మెంట్ల వెయిటేజీ 30 శాతం. జవాబులు మీ సొంత మాటల్లో ఉండాలని అసైన్‌మెంట్ బుక్‌లెట్లు చెబుతాయి. ఇచ్చినవాళ్లకూ ఇందులో భాగం ఉంటుంది: మీ పూర్తయిన నోట్‌బుక్‌ను ఈ ఏడాది అదే ప్రశ్న రాస్తున్న స్నేహితురాలికి ఇస్తే, రెండు ఒకేలా దొరికినప్పుడు ఎవరిది ముందు అని తేల్చడం కష్టం. ఇద్దరి మార్కులూ ఆగిపోవచ్చు.

ఎలా తెలుస్తుంది అంటారా? లెక్కల్లో సరైన జవాబు అందరికీ ఒకటే. 51,200 అందరికీ రావడంలో అనుమానించేది ఏమీ లేదు. దొరికేది తప్పుల దగ్గర. జిరాక్స్ కట్టలో ఆ అంకె 52,100 అని తారుమారై ఉందనుకోండి. 64,000లోంచి 12,800 తీసేస్తే 52,100 ఎలా వస్తుందని కట్టి చూసుకోనివాళ్లందరి కాగితాల్లోనూ అదే 52,100 ఉంటుంది. సరైన జవాబుకు దారులు చాలా ఉంటాయి. అదే వింత తప్పు పదిమందికి విడివిడిగా రాదు.

## పది శాతం మాట

‘పది శాతం లోపు మ్యాచ్ అయితే ఫర్వాలేదట కదా’ అని చాలామంది అంటారు. ఆ అంకె యూజీసీ 2018లో తెచ్చిన అకడమిక్ ఇంటిగ్రిటీ నిబంధనల్లోది. థీసిస్, డిసర్టేషన్‌లలో 10 శాతం వరకు సారూప్యతకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో మార్చి ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాదిపాటు మార్చిన ప్రతి కూడా ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు.

ఇవి పీజీ, పరిశోధన స్థాయి థీసిస్‌ల వంటి వాటికి. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, ఎస్సేలు, జవాబు పత్రాలు ఈ శాతాల పరిధిలోకి రావని అదే నిబంధనలు చెబుతాయి. అంటే వాటికి స్వేచ్ఛ ఉందని కాదు. వాటికి మీ యూనివర్సిటీ, మీ విభాగం, మీ బుక్‌లెట్ చెప్పినదే నియమం. అక్కడ పది శాతం అన్న మినహాయింపు ఉందనుకుని బయలుదేరితే దెబ్బతింటారు. పైగా పోలికలు వెతికే సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది ప్రధానంగా మాటల పోలికను. పదాలు మార్చిన కాపీకి తక్కువ శాతం రావొచ్చు, నిజాయితీగా రాసి చట్టం సెక్షన్లను ఉటంకించినవాళ్లకు ఎక్కువ రావొచ్చు. తీర్పు చెప్పేది మనిషే.

## మీ పరిస్థితికి ఏది

రోజూ కాలేజీకి వెళ్లేవాళ్లయితే ముందు రాసి తర్వాత పోల్చుకోండి. క్లాసులో పాఠం విన్నారు, అడగడానికి లెక్చరర్ ఉన్నారు, చుట్టూ తోటివాళ్లున్నారు. కలిసి కూర్చుని చర్చించుకోవడం మంచిదే. రాసేటప్పుడు మాత్రం ఎవరి ఇంట్లో వాళ్లు రాసుకోండి.

స్టీల్ ప్లాంట్లోనో, పోర్టులోనో షిఫ్టులు చేస్తూ దూరవిద్యలో చదివేవాళ్ల సంగతి వేరు. పాఠం చెప్పేవాళ్లు దగ్గర లేరు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి తెల్లకాగితం ముందు కూర్చుని కుస్తీ పట్టమనడం న్యాయం కాదు. మీకు చదివి, మూసి, రాయడమే సరైనది. ఒక రోజు షిఫ్ట్ ముందు మోడల్ ఆన్సర్‌ను ‘ఎందుకు?’ అని ప్రశ్నించుకుంటూ చదవండి. డ్యూటీ గంటలు ఆ మధ్యలో కావలసిన విరామాన్ని వాటంతట అవే ఇస్తాయి. తిరిగొచ్చి నిద్రపోయి లేచాక, మోడల్ ఆన్సర్ ఉన్న ఫోన్ వేరే గదిలో పెట్టి రాయండి. ఐదు ప్రశ్నల్లో మూడే మీ సొంతంగా వస్తే ఆ మూడూ పూర్తిగా రాసి, మిగతా రెండు వచ్చినంతవరకే రాసి ఇవ్వండి. సగం జవాబుకు సగం మార్కులు పడొచ్చు. కాపీ దొరికితే మొత్తం పోవచ్చు.

పీజీ డిసర్టేషన్ రాసేవాళ్లు పాత డిసర్టేషన్‌ను అధ్యాయాల అమరిక, సర్వే పట్టికలు ఎలా వేశారో చూడటానికి తెరవొచ్చు. ముందుమాట నుంచి ముగింపు దాకా ఒక్క వాక్యం కూడా నోట్స్‌లోకి యథాతథంగా ఎత్తి రాసుకోకండి. రాసుకోవలసి వస్తే కొటేషన్ గుర్తులు పెట్టి, పేజీ నంబర్ పక్కనే వేయండి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఆ నోట్స్ చూసినప్పుడు ఏది మీదో, ఏది వాళ్లదో మీకే తెలియకుండా పోతుంది. ఈ స్థాయిలో పైన చెప్పిన శాతాలు నిజంగా వర్తిస్తాయి.

అనుమానం మిగిలితే లెక్చరర్‌కో, స్టడీ సెంటర్ కౌన్సిలర్‌కో గడువుకు ముందే ఒక మెసేజ్ పెట్టండి. ఇలా రాస్తే చాలు: ‘సర్, మూడో ప్రశ్నకు పాత సంవత్సరం సాల్వ్డ్ జవాబు చదివాను. నా జవాబు దాన్ని మూసి నేనే రాశాను. ఆ సంగతి అసైన్‌మెంట్ కింద రాయాలా?’ రాయమంటే చివర ఒక లైను రాయండి. అలా చదవకూడదంటే ఆ ప్రశ్నకు ఏం చేయాలో వాళ్లే చెబుతారు. ఆ మెసేజ్ డిలీట్ చేయకుండా ఉంచుకోండి.